అడగని బిడ్డకో పావుగంట

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా సాయంత్రంపూట ఏదో ఒక థెరపీ సెంటర్ వరండాలో కాసేపు కూర్చుంటే అక్కడి బెంచీల మీద రెండు రకాల పిల్లలు కనిపిస్తారు. ఒకరు థెరపీకి వచ్చినవాళ్లు. రెండోవాళ్లు వాళ్ల వెంట వచ్చినవాళ్లు. స్కూలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని హోంవర్కు రాసుకునే అక్క, అమ్మ ఫోన్లో గేమ్ ఆడుతూ మధ్యమధ్యలో తలుపు వైపు చూసే చెల్లి. థెరపిస్టు బయటికి రాగానే తల్లి అడిగే మొదటి ప్రశ్న "బాబు ఈరోజు ఎలా చేశాడు?" అనే. పక్కనున్న అక్క మీద ఎవరి కన్నయినా పడితే వినిపించేది ఒకే మాట: "ఈ పిల్ల ఎంత బుద్ధిమంతురాలండీ, కూర్చోబెట్టిన చోటే కూర్చుంది."

మెప్పు నిజమే కానీ అందులో ఒక చిక్కుంది. ఏమీ అడగకపోతేనే మంచిదాన్ని అవుతానని పిల్లకు ఒకసారి అర్థమైతే, ఆ తర్వాత నిజంగానే అడగడం మానేస్తుంది. కొత్త షూ బిగుసుకుపోయాయని చెప్పదు. క్లాసులో ఎవరో ఏడిపించారని చెప్పదు. అమ్మ ఇప్పటికే అలిసిపోయి ఉందని ఆమెకు తెలుసు. వైకల్యం ఉన్న బిడ్డకు ఏం చేయాలో చెప్పడానికి డాక్టరు ఉంటాడు, ఫిజియో ఉంటాడు, సదరం సర్టిఫికెట్ ఉంటుంది. ఆ బిడ్డతో కలిసి పెరిగే అక్కకో తమ్ముడికో ఏం కావాలో చెప్పే కాగితం ఏ ఆస్పత్రిలోనూ చేతికివ్వరు.

ఈ సంగతిని కాస్త ముందుగా పట్టుకున్నవాళ్లలో అమెరికాకు చెందిన డాన్ మేయర్ ఒకడు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో, వైకల్యం ఉన్న పిల్లల తండ్రుల కోసం నడిచే కార్యక్రమంలో అతను పనిచేశాడు. తల్లుల గురించి అందరూ ఆలోచిస్తున్నారు, తండ్రుల గురించి ఎవరు ఆలోచిస్తారన్న ప్రశ్న నుంచి పుట్టిన కార్యక్రమమది. అక్కడి నుంచి తర్వాతి ప్రశ్న సహజంగానే వచ్చింది. మరి ఆ ఇంట్లోని మిగతా పిల్లల సంగతేమిటి? అలా 1980ల తొలినాళ్లలో ‘సిబ్‌షాప్’ మొదలైంది. ఎనిమిది నుంచి పదమూడేళ్ల లోపు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఓ శనివారం కొన్ని గంటలపాటు ఒకచోట చేరతారు. పరుగులు పెట్టే ఆటలు ఆడతారు, కలిసి ఏదో ఒకటి వండుకుని తింటారు, మధ్యలో కాస్త మాట్లాడుకుంటారు. కౌన్సెలింగ్ గది వాసన ఎక్కడా తగలదు. ఈ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది.

అందులో ఒక ఆట చాలా తెలివైనది. పత్రికల్లో ఉత్తరాలకు జవాబులిచ్చే పెద్దమ్మలాంటి ఒక ఊహా పాత్రకు పిల్లల పేర ఉత్తరాలు వస్తాయి. "మా తమ్ముడు నా స్నేహితుల ముందు గట్టిగా అరుస్తాడు, నేనేం చేయాలి?" అని ఒకటి. "నేనేం చేసినా నాకే తిట్లు, వాడేం చేసినా ఏమీ అనరు" అని ఇంకొకటి. జవాబు చెప్పాల్సింది పెద్దలు కాదు, గుండ్రంగా కూర్చున్న పిల్లలే. తన ఇంటి సంగతి చెప్పమంటే నోరు విప్పని పిల్ల, ఎవరి ఉత్తరానికో సలహా చెప్పమంటే గడగడా మాట్లాడుతుంది. ఆ సలహాలోనే తన ఇల్లంతా బయటికొస్తుంది. అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. ఇలాంటి ఇల్లు తనదొక్కటే కాదని ఆ పిల్ల మొదటిసారి తెలుసుకుంటుంది.

ఇంతకీ ఈ పిల్లలు దెబ్బతింటారా, రాటుదేలతారా? ఫ్రాన్సెస్ గ్రాస్‌మన్ అనే మనస్తత్వవేత్త ఈ ప్రశ్నతోనే, మేధో వైకల్యం ఉన్న తోబుట్టువుతో పెరిగిన 83 మంది కాలేజీ విద్యార్థులను కదిపి చూసి 1972లో పుస్తకం రాసింది. ఆ అనుభవం వల్ల లాభపడ్డట్టు కనిపించినవాళ్లు, నష్టపోయినట్టు కనిపించినవాళ్లు దాదాపు సమానంగా తేలారు. మొదటి రకం వాళ్లలో ఓర్పు, ఎదుటివాళ్ల కష్టం పట్టే చూపు ఎక్కువ. రెండో రకం వాళ్లలో కోపం, అపరాధ భావం, తమను ఎవరూ పట్టించుకోలేదన్న బాధ మిగిలిపోయాయి. తేడా ఎక్కడ వచ్చిందని చూస్తే, ఇంట్లో ఆ వైకల్యం గురించి దాపరికం లేకుండా మాట్లాడుకున్నారా లేదా అన్నది పెద్ద అంశంగా కనిపించింది. తల్లిదండ్రుల చేతిలో ఉన్న విషయం కాబట్టి ముందు అక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది.

నాలుగైదేళ్ల పిల్లలకు లోకంలో జరిగే ప్రతిదానికీ కారణం తామేనన్న నమ్మకం ఉంటుంది. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు తాను ఆమె మీదికి దూకడం వల్లే తమ్ముడు ఇలా పుట్టాడనుకునే పిల్లలుంటారు. జలుబు అంటుకున్నట్టు ఇదీ అంటుకుంటుందేమోనని తమ్ముడు తాగిన గ్లాసు ముట్టని పిల్లలూ ఉంటారు. ఎవరూ ఏమీ చెప్పకపోతే పిల్లలు ఊరికే ఉండరు. తమకు తోచిన కథ అల్లుకుంటారు, అది అసలు సంగతికంటే భయంకరంగా ఉంటుంది. పెద్దవాళ్లు గుసగుసలాడుకుని, పిల్ల రాగానే మాట మార్చే ఇళ్లలో ఆ కథ ఇంకా పెరుగుతుంది.

కాబట్టి పేరుతో సహా చెప్పాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న తమ్ముడి గురించి అయిదేళ్ల అక్కకు ఇలా చెప్పవచ్చు: "మన తలలో మెదడు ఉంటుంది కదా, కాళ్లూ చేతులూ ఎలా కదలాలో అదే చెబుతుంది. తమ్ముడు బొజ్జలో ఉన్నప్పుడో పుట్టేటప్పుడో ఆ చోట దెబ్బ తగిలింది. అందుకే వాడి కాళ్లు గట్టిగా బిగుసుకుపోతాయి. దాన్ని సీపీ అంటారు. అది నీకు అంటుకోదు. నువ్వు చేసినదాని వల్ల రాలేదు, అమ్మ చేసినదాని వల్లా రాలేదు." అంతే, ఆ వయసుకు ఇది చాలు. ఆటిజం ఉన్న అన్నయ్యయితే మాట మారుతుంది: "మిక్సీ చప్పుడు మనకు మామూలుగా ఉంటుంది, అన్నయ్యకు చెవి దగ్గర బాంబు పేల్చినట్టుంటుంది. అందుకే చెవులు మూసుకుని అరుస్తాడు. నీ మీద కోపం కాదు."

ఒకసారి చెప్పి ఊరుకుంటే సరిపోదన్నది చాలామంది మరిచిపోయే సంగతి. అయిదేళ్లప్పుడు అర్థమైంది తొమ్మిదేళ్లకు చాలదు. తొమ్మిదేళ్లకు "పెద్దయ్యాక నడుస్తాడా?" అని అడుగుతుంది. "దేవుడి దయవల్ల అన్నీ బాగైపోతాయి" అనడం తేలికే కానీ, రెండేళ్లకు అది నిజం కాదని తేలినప్పుడు అమ్మ మాట మీదే నమ్మకం పోతుంది. "డాక్టరు నడవడం కష్టమన్నారు, వీల్‌చైర్‌లో తిరగడం నేర్పిస్తున్నారు" అనడం కటువుగా ఉన్నా పిల్ల దాన్ని మోయగలదు. తొమ్మిదేళ్లప్పుడే ఇంకో అవసరం పడుతుంది. స్నేహితులు "మీ తమ్ముడెందుకలా ఉన్నాడు?" అన్నప్పుడు చెప్పడానికి చేతిలో ఒక జవాబుండాలి. "వాడికి సీపీ. నడవలేడు, మాటలు మాత్రం అన్నీ అర్థమవుతాయి." ఇంట్లో రెండుసార్లు పైకి అనిపించి చూస్తే బడి గేటు దగ్గర నాలుక తడబడదు.

బడి వయసు పిల్లల మనసులో ఒకేసారి నాలుగైదు భావాలు కొట్టుకుంటుంటాయి. తమ్ముడంటే ప్రాణం. వాడిని ఎవరైనా ఏమన్నా అంటే మీద పడి కొడుతుంది. అదే పిల్ల, బర్త్‌డేకు స్నేహితులను ఇంటికి పిలవమంటే వద్దంటుంది. సిగ్గు. సిగ్గుపడ్డందుకు మళ్లీ సిగ్గు. ఒక్కోసారి కోపంలో "వీడు లేకపోతే బాగుండు" అని మనసులో అనుకుంటుంది. ఆ రాత్రే వాడికి ఫిట్స్ వస్తే, తానలా అనుకోవడం వల్లే వచ్చిందని బిగుసుకుపోతుంది. తాను పరిగెత్తగలగడం, వాడు పరిగెత్తలేకపోవడం కూడా తన తప్పే అనిపించే పిల్లలున్నారు. ఆటల పోటీలో కప్పు గెలిచి దాన్ని బ్యాగులోనే దాచేసే పిల్లను దగ్గర నుంచి చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఈ భావాలకు ఇంట్లో చోటు దొరుకుతుందో లేదో తేలేది పెద్ద పెద్ద సంభాషణల్లో కాదు, ఒక చిరిగిన నోటు పుస్తకం దగ్గర. అక్క రెండు రోజులు కూర్చుని సైన్సు ప్రాజెక్టు కోసం పువ్వు భాగాలు గీసుకుంది. తమ్ముడు పాక్కుంటూ వచ్చి ఆ కాగితం నలిపి నోట్లో పెట్టుకున్నాడు. అక్క గట్టిగా అరిచి వాడిని తోసింది. వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. మన ఇళ్లలో ఆ క్షణంలో వచ్చే మాట అందరికీ తెలిసిందే: "పోనీలేవే, వాడికి తెలియదు కదా, పెద్దదానివి నువ్వే చూసుకోవాలి." పిల్లకు అందులో వినిపించేది వేరు. నీ రెండు రోజుల కష్టానికి లెక్క లేదు, నీ కోపం తప్పు.

ఇదే సంఘటన ఇంకోలా నడవవచ్చు. వాడి నోట్లోంచి కాగితం తీయడం ఎలాగూ మొదటి పని. ఆ తర్వాత తల్లి అక్క వైపు తిరిగి "కోపం వచ్చిందా? రాకుండా ఎలా ఉంటుంది, రెండు రోజులు గీశావు" అంటే సగం మంట అక్కడే చల్లారుతుంది. తోయడం మాత్రం కుదరదని కూడా అప్పుడే చెప్పాలి. కోపానికి అనుమతి ఉంది, కొట్టడానికి లేదు. తమ్ముడికి ఎంతవరకు అర్థమవుతుందో అంతవరకు వాడికీ ఒక నియమం ఉండాలి. "అక్క పుస్తకం, ముట్టుకోకూడదు" అని వాడి ముఖం చూస్తూ గట్టిగా చెప్పి, నలిగిన కాగితాన్ని వాడి చేత్తోనే అక్కకు ఇప్పించవచ్చు. తనతో పాటు వాడికీ ఒక గీత ఉందని అక్క చూడాలి. చివరి పని అన్నిటికంటే ఉపయోగపడేది. వాడికి అందని ఎత్తులో తాళం పడే ఒక అర అక్కకు ఇవ్వాలి. ఇల్లంతా తమ్ముడి వీల్‌చైరు, కాలిపర్స్, థెరపీ బంతులు పరుచుకుని ఉన్నప్పుడు ఆ తాళంచెవి విలువ పిల్లకే తెలుస్తుంది.

ఇక వేళ సంగతి. "ఇద్దరినీ సమానంగా చూడాలి" అని సలహా చెప్పడం ఎవరికైనా సులువు. వైకల్యం ఉన్న బిడ్డకు అన్నం పెట్టడానికే నలభై నిమిషాలు పట్టే ఇంట్లో నిమిషాలు సమానంగా పంచడం జరిగే పని కాదు. అదృష్టవశాత్తూ పిల్లలు అడిగేది కూడా అది కాదు. అమాండా కోవల్, లారీ క్రామర్ అనే పరిశోధకులు 1997లో పదకొండు నుంచి పదమూడేళ్ల పిల్లలను, వైకల్యం ఊసు లేని మామూలు ఇళ్ల పిల్లలనే, అమ్మానాన్నలు చూపే తేడాల గురించి అడిగారు. ఎక్కువ సందర్భాల్లో పిల్లలు ఆ తేడాను అన్యాయం అనలేదు. తోబుట్టువు వయసు వేరు, అవసరం వేరు అని తమకు తెలుసన్నారు. కారణం తెలియని తేడాయే వాళ్లను గుచ్చింది. తమ్ముడికి రోజూ రెండు గంటలు ఎందుకు పోతున్నాయో తెలిసిన పిల్ల ఆ రెండు గంటలు తనకూ కావాలనదు. తనదని ఖాయంగా చెప్పదగ్గ పావుగంట ఒకటుంటే చాలు.

ఆ పావుగంట ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. ఒక ఇల్లు ఊహించుకుందాం. విజయవాడలాంటి ఊళ్లో రెండు గదుల అద్దె ఇల్లు. నాన్న బట్టల షాపులో పనిచేస్తాడు, రాత్రి తొమ్మిదిన్నరకు గానీ ఇంటికి రాడు. పాప అయిదో తరగతి. ఆరేళ్ల బాబుకు సీపీ, ఫిట్స్ కూడా ఉన్నాయి. పొద్దున్నే బాబు కాళ్లకు అరగంట స్ట్రెచింగ్ చేయాలి, ఎనిమిదికి ఫిట్స్ మందు వేయాలి. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర దాకా ఫిజియో. పాప స్కూలు నుంచి నాలుగున్నరకు వచ్చి, పక్కింటి మామ్మగారి దగ్గర తాళం తీసుకుని, బిస్కెట్లు తిని హోంవర్కు చేసుకుంటుంది. అమ్మ వచ్చి వంట మొదలుపెట్టగానే తమ్ముడి దగ్గర కూర్చుంటుంది. ఎనిమిదిన్నరకు బాబు పడుకునేసరికి అమ్మకు ఓపిక ఉండదు, పాపకు మెలకువ ఉండదు.

ఈ రోజులో ఖాళీ వెతికితే దొరకదు. కానీ పాప, అమ్మ రోజూ తప్పనిసరిగా కలిసి కూర్చునే సమయం ఒకటి ఇప్పటికే ఉంది. పొద్దున రెండు జడలు వేసే సమయం. ప్రస్తుతం అది ఎలా జరుగుతోందంటే, బాబు ఒళ్లో ఏడుస్తుంటాడు, కుక్కర్ కూస్తుంటుంది, అమ్మ దువ్వెన లాగుతూ "కదలకు" అంటుంటుంది. దాన్ని పాపకు తిరిగి ఇవ్వాలంటే ఆ పావుగంట బాబు ఇంకొకరి చేతుల్లో ఉండాలి. నాన్న పొద్దున ఇంట్లోనే ఉంటాడు కదా. ఒక శనివారం సెలవు పెట్టి ఫిజియో దగ్గరికి తాను వెళ్లి, స్ట్రెచింగ్ ఎలా చేయాలో, మోకాలు ఎక్కడ పట్టుకోవాలో, ఎంతకు మించి వంచకూడదో చూసి నేర్చుకుని, ఫిజియో ఎదుటే ఒకసారి చేసి చూపిస్తే సరి. మర్నాటి నుంచి ఏడు గంటలకు బాబు నాన్న దగ్గర, పాప అమ్మ దగ్గర. థెరపీ తల్లి పని మాత్రమే అన్న మన అలవాటుకు కూడా దీనివల్ల ఒక చిల్లు పడుతుంది, అది మంచిదే.

ఆ పావుగంటకు కొన్ని పద్ధతులు పెట్టుకోకపోతే నాలుగు రోజుల్లో మళ్లీ మామూలైపోతుంది. ఫోన్ వేరే గదిలో ఉండాలి. ఎక్కాలు అప్పజెప్పించుకోకూడదు, మార్కుల ఊసు తేకూడదు. తమ్ముడి గురించి పాపే ఎత్తితే తప్ప అమ్మ ఎత్తకూడదు. అల్లరి చేసిందని శిక్షగా దాన్ని రద్దు చేయకూడదు, మంచి పని చేసిందని బహుమతిగానూ ఇవ్వకూడదు. అన్నం లాగే అదీ, ఉంటుందంతే. మొదటి వారం పాప పెద్దగా మాట్లాడకపోవచ్చు. అడిగి అడిగి మాటలు రాబట్టడం మొదలుపెడితే అది కూడా ఒక థెరపీ అయిపోతుంది. వెనక కూర్చుని జడ వేసేవాళ్లతో ముఖం చూడకుండా మాట్లాడవచ్చు కాబట్టి, బరువైన మాటలు ఏదో ఒక రోజు వాటంతటవే వస్తాయి. ఎప్పుడైనా తప్పిపోతే "ఈరోజు కుదరలేదు, రాత్రి అన్నం తర్వాత" అని వేళ చెప్పి ఆ వేళకు నిలబడాలి. పిల్లలు పోయిన సమయాన్ని క్షమిస్తారు, పోయిన మాటను లెక్కపెట్టుకుంటారు. తల్లి ఒక్కతే ఉన్న ఇంట్లో రోజూ ఇది కుదరకపోతే, వారానికి రెండుసార్లు అమ్మమ్మనో పిన్నినో బాబు దగ్గర కూర్చోబెట్టి ఖాయం చేసుకున్నా ఫలితం ఉంటుంది.

స్కూలు వార్షికోత్సవం లాంటి రోజులకు వేరే ఏర్పాటు కావాలి. "ఎవరో ఒకరం వస్తాంలే" అన్న ఇంట్లో సాధారణంగా ఎవరూ వెళ్లరు, లేదా ఇద్దరూ బాబును ఎత్తుకుని వెళ్లి వాడు ఏడవగానే పాప డ్యాన్స్ మొదలుకాకముందే తిరిగొస్తారు. వారం ముందే ఎవరు వస్తున్నారో పేరు చెప్పి, ఆ ఒక్కరూ ఒంటరిగా వెళ్లి చివరి దాకా కూర్చోవడం నయం.

ఆస్పత్రి రాత్రుల సంగతి ఇంకా ముఖ్యం. బాబుకు పెద్ద ఫిట్స్ వచ్చి అర్ధరాత్రి ఆటోలో పరుగెత్తే ఇళ్లలో పాప ఎక్కడ ఉందో ఒక్కోసారి తెల్లారాక గుర్తొస్తుంది. ఆమె మాత్రం అన్నీ చూసింది, తమ్ముడు చనిపోయాడేమో అనుకుంటూ పక్కింటి వాళ్ల సోఫాలో పడుకుంది. ముందే చెప్పి పెట్టుకుంటే ఇది చాలావరకు తప్పుతుంది. అలా జరిగితే నువ్వు మామ్మగారింటికి వెళతావు, నీ బట్టలు, యూనిఫాం ఈ సంచిలో ఉంటాయి, పొద్దున బడికి వెళ్లే ముందే అమ్మో నాన్నో ఫోన్ చేసి తమ్ముడు ఎలా ఉన్నాడో నీకే చెబుతారు. మామ్మగారితో కాదు, నీతోనే. ఆ ఫోన్ కచ్చితంగా రావాలి.

తమ్ముడి పనుల్లో అక్క సాయం చేయడం తప్పేమీ కాదు. నీళ్లు అందించడం, కాసేపు ఆడించడం ఏ ఇంట్లోనైనా ఉండేవే. మందు వేయడం, డయాపర్ మార్చడం, ఫిట్స్ వస్తే ఒంటరిగా చూసుకోవడం పదేళ్ల పిల్ల పని కాదు. అది హద్దు. తమ్ముడి వల్ల ఆమె స్నేహితుల పుట్టినరోజులు, ఆటలు, ట్యూషన్ వరుసగా మానేస్తుంటే హద్దు దాటినట్టే. తల్లిదండ్రులు చాలామంది దీన్ని గమనించరు, ఎందుకంటే పిల్ల ఇష్టంగానే చేస్తున్నట్టు కనిపిస్తుంది.

ఏదో బాగాలేదని తెలిపే గుర్తులు కొన్ని బయటికి కనిపిస్తాయి. డాక్టరుకు చూపించినా కారణం దొరకని కడుపునొప్పి, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, మార్కులు ఒక్కసారిగా పడిపోవడం. ఇంకో రకం గుర్తులను మాత్రం మనవాళ్లు మెచ్చుకుంటారు. ఒక్క మార్కు తగ్గినా రాత్రంతా ఏడ్చే పిల్ల, పండక్కి బట్టలు కూడా అడగని పిల్ల, అమ్మ ముఖం చూసి మాట మింగేసే పిల్ల. తమ్ముడు తీర్చలేని ఆశలన్నీ తానొక్కతే తీర్చాలన్న బరువు అందులో ఉండవచ్చు. ఇలాంటివి కొన్ని వారాలైనా తగ్గకపోతే పిల్లల సైకాలజిస్టును కలవాలి. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

పదిహేనేళ్లు దాటాక పిల్లల ఆలోచన భవిష్యత్తు వైపు తిరుగుతుంది. అప్పటికి వాళ్లు వందసార్లు విని ఉంటారు: "మా తర్వాత వాడికి దిక్కు నువ్వే." అన్నది ప్రేమతోనే. కానీ అడగకుండా ఇచ్చిన బాధ్యత అది. ఇంజినీరింగ్‌కు వేరే ఊరు వెళ్లాలా వద్దా, పెళ్లి ఎలాంటివాడిని చేసుకోవాలి అన్న ప్రతి నిర్ణయం మీదా దాని నీడ పడుతుంది. జపాన్ రచయిత కెంజాబురో ఓయె పెద్ద కొడుకు హికారి 1963లో మెదడు లోపంతో పుట్టాడు. ఓయె తండ్రిగా తన కల్లోలాన్ని మళ్లీ మళ్లీ రాశాడు, 1994లో నోబెల్ అందుకున్నాడు. అయితే 1990లో వచ్చిన ఒక నవలను మాత్రం తండ్రి గొంతుతో కాక కూతురి గొంతుతో చెప్పించాడు. అమ్మానాన్నలు కాలిఫోర్నియా వెళితే వైకల్యం ఉన్న అన్నను చూసుకునే కాలేజీ అమ్మాయి కథ అది. తండ్రి ఎంత గొప్పవాడైనా, ఆ ఇంట్లో కూతురికి కనిపించే దృశ్యం వేరని ఆ రచయిత గుర్తించాడు.

మన దగ్గర పెళ్లిచూపుల గదిలో ఈ బాధ ఇంకో రూపం ఎత్తుతుంది. అబ్బాయి తరఫువాళ్లు వస్తున్నారని తమ్ముడిని మేనమామ ఇంటికి పంపేస్తారు. అక్క ముస్తాబై కూర్చుంటుంది, తన తమ్ముడు లేనట్టు మాట్లాడుతున్న పెద్దలను చూస్తుంది. దాచడం వెనకున్న భయం "మీ వంశంలో ఉందా?" అన్న ప్రశ్న. దానికి జవాబు ఊహతో కాదు, పరీక్షతో చెప్పాలి. సెరిబ్రల్ పాల్సీ చాలావరకు వంశపారంపర్యం కాదు. డౌన్ సిండ్రోమ్‌లో అత్యధిక భాగం కాదు, ఒక చిన్న రకం మాత్రం కుటుంబంలో రావచ్చు. ఫ్రాజైల్ ఎక్స్, డుషెన్ కండరాల క్షీణత లాంటివాటిలో అక్కచెల్లెళ్లు పైకి ఆరోగ్యంగా ఉంటూనే ఆ జన్యువును మోస్తుండవచ్చు. ఏ రకమో తెలుసుకోవడానికి హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ లాంటి చోట్ల జన్యు సలహా దొరుకుతుంది. సంబంధాలు చూడటం మొదలుపెట్టక ముందే వెళ్లి, ఆ కాగితాన్ని అమ్మాయి చేతిలోనే పెడితే, ఆమె తన జీవితం గురించి తానే మాట్లాడగలుగుతుంది.

"మా తర్వాత ఎవరు?" అన్న ప్రశ్నకు అక్క ఒక్కతే జవాబు కాదని చట్టం కూడా అంటుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో జాతీయ ట్రస్ట్ చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండిన వ్యక్తికి సంరక్షకులు అవసరమైతే, కలెక్టర్ ఉండే జిల్లా స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. నమోదైన సంస్థలు కూడా ఈ విషయంలో దరఖాస్తు చేయవచ్చు. అదే ట్రస్ట్ కింద ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు భరిస్తుంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ మేధో వైకల్య సంస్థ కుటుంబాలకు మార్గం చెబుతుంది. ఈ వివరాలన్నీ తల్లిదండ్రులు ముందు తాము తెలుసుకుని, ఆస్తి ఎవరి పేరున, బీమా ఎంత, తమ్ముడి రోజువారీ అవసరాలేమిటి, ఏ మందు ఏ వేళకు అన్నదంతా ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. ఆ తర్వాతే పెద్ద పిల్లతో కూర్చుని అడగాలి: నీకు ఎంతవరకు వీలవుతుంది? డబ్బు వ్యవహారం చూడగలవా, వారానికొకసారి వచ్చి పలకరించగలవా, దగ్గర పెట్టుకోగలవా, ఇవేవీ వద్దా? నాలుగింటిలో ఏది చెప్పినా ఆమె చెల్లెలిగానో అక్కగానో తక్కువైపోదు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. "వాడికి దిక్కు నువ్వే" అన్న మాటను పదేళ్ల పిల్లతో ఇక అనకండి. ఆమెకు పద్దెనిమిది నిండాక, కలెక్టరేట్ కాగితాలు, బీమా కాగితాలు ముందు పెట్టుకుని, ప్రశ్నగా అడగండి.